మచ్చ ఏదో తేల్చుకున్నాకే సీరం: ఆల్ఫా అర్బుటిన్, కోజిక్, ట్రానెక్సామిక్ యాసిడ్‌లలో దేనికి ఏది?

ప్రశ్న: "నాకు 31 ఏళ్లు, చామనఛాయ. మొటిమలు తగ్గాక దవడ మీద గోధుమరంగు మచ్చలు మిగిలిపోయాయి. రెండు బుగ్గల మీదా లేత నల్లటి పొరలా కూడా ఉంది. ఆల్ఫా అర్బుటిన్, కోజిక్ యాసిడ్, ట్రానెక్సామిక్ యాసిడ్ సీరంలలో ఏది కొనాలి? మూడూ కలిపి రాసుకుంటే త్వరగా తగ్గుతుందా?"

దవడ మీది మచ్చలకు 2% ఆల్ఫా అర్బుటిన్, బుగ్గల మీది పొరకు 3 నుంచి 5% ట్రానెక్సామిక్ యాసిడ్ వాడండి. కోజిక్ యాసిడ్‌ను మొదటి ప్రయత్నంగా ఎంచుకోవద్దు. మూడింటినీ ఒకేసారి రాయడం వల్ల ఫలితం త్వరగా రాదు, చర్మం మండి కొత్త నలుపు వచ్చే ప్రమాదం మాత్రం పెరుగుతుంది. మీరు వర్ణించినవి ఒకే సమస్య కాదు, రెండు వేర్వేరు సమస్యలని నాకు అనిపిస్తోంది. అందుకే ఒక సీసాతో రెండూ సమానంగా తగ్గుతాయని ఆశించవద్దు. 18 ఏళ్లుగా చర్మవైద్యం చేస్తున్నాను. ఈ మూడు పదార్థాలు వాడి నా దగ్గరికి వచ్చినవారిలో విఫలమైనవారు ఎక్కువగా తప్పు సీరం కొన్నవారు కాదు, తమ మచ్చ ఏ రకమో తెలుసుకోకుండా కొన్నవారు.

ఈ మూడింటికీ తేడా ఎక్కడుందో ముందు చెబుతాను, ఎంపికకు కారణం అందులోనే ఉంది. మన చర్మపు పైపొర అడుగున మెలనిన్ తయారుచేసే కణాలు ఉంటాయి. అవి టైరోసిన్ అనే అమైనో ఆమ్లాన్ని టైరోసినేజ్ అనే ఎంజైమ్ సాయంతో రంగుగా మార్చి, చిన్న రేణువులుగా చుట్టూ ఉన్న పైపొర కణాలకు అందిస్తాయి. ఆ ఎంజైమ్‌ను ఒక మగ్గం అనుకోండి. ఆల్ఫా అర్బుటిన్ నిర్మాణం టైరోసిన్‌ను పోలి ఉంటుంది కనుక నూలు ఉండవలసిన చోట తానే కూర్చుని నేతను నెమ్మదింపజేస్తుంది. టైరోసినేజ్ పనిచేయడానికి రాగి అయాన్లు కావాలి. కోజిక్ యాసిడ్ ఆ రాగిని పట్టుకుని మగ్గంలోని ముఖ్యమైన భాగాన్నే కదలకుండా చేస్తుంది. ట్రానెక్సామిక్ యాసిడ్ మగ్గాన్ని ప్రధానంగా తాకదు, మగ్గానికి వచ్చే ఆర్డరును ఆపుతుంది. ఎండ, వేడి, చికాకు తగిలినప్పుడు పైపొర కణాల్లో ప్లాస్మిన్ అనే ఎంజైమ్ చురుకవుతుంది. దాని వల్ల వాపును కలిగించే రసాయనాలు విడుదలై రంగు కణాలను "ఇంకా తయారుచెయ్యి" అని ప్రేరేపిస్తాయి. ట్రానెక్సామిక్ యాసిడ్ ఆ గొలుసును మొదట్లోనే అడ్డుకుంటుంది.

ఇక్కడే ఒక అపోహ తీర్చాలి. పేరులో "యాసిడ్" ఉన్నందువల్ల ట్రానెక్సామిక్ యాసిడ్ చర్మాన్ని ఒలుస్తుందని చాలామంది భయపడతారు. అది లైసిన్ అనే అమైనో ఆమ్లానికి దగ్గరి బంధువు, చర్మాన్ని ఒలిచే గుణం దానికి లేదు. 1962లో జపాన్‌లో ఉటాకో ఒకామోటో, షోసుకే ఒకామోటో దంపతులు దీన్ని రక్తస్రావం ఆపే మందుగా వెలుగులోకి తెచ్చారు. 1979లో దద్దురు వ్యాధికి ఆ మందు తీసుకుంటున్న ఒక రోగికి మంగు మచ్చలు కూడా తగ్గినట్లు జపాన్‌లోనే గమనించారు. చర్మపు రంగుకు దీన్ని వాడడం అలా మొదలైంది.

మచ్చను గుర్తించే పద్ధతి

పగటి వెలుగులో, కిటికీ దగ్గర, ముఖం కడిగి ఆరిన తర్వాత అద్దంలో చూసుకోండి. మొటిమ ఉన్న చోటే, మొటిమ అంత సైజులో, అంచు స్పష్టంగా, గోధుమరంగులో ఉంటే అది వాపు తగ్గాక మిగిలిన నలుపు. దానిలో రంగు ఎక్కువగా పైపొరలోనే ఉంటుంది కనుక సీరంలకు బాగా స్పందిస్తుంది. మచ్చ ఎర్రగా లేదా గులాబీ రంగులో ఉండి, పారదర్శకమైన గాజు గ్లాసు పక్క భాగంతో నొక్కినప్పుడు క్షణంపాటు మాయమైతే అది రంగు కాదు, రక్తనాళాల ఎర్రదనం. దానికి ఆల్ఫా అర్బుటిన్ ఎన్ని నెలలు రాసినా ఉపయోగం ఉండదు.

మంగు మరో విధంగా కనబడుతుంది. అది రెండు బుగ్గల మీదా, కొన్నిసార్లు నుదురు, పై పెదవి మీదా ఇంచుమించు సమానంగా, మ్యాపులోని దీవుల్లా సక్రమం కాని అంచులతో పరుచుకుంటుంది. ఎండలో తిరిగినప్పుడు, గర్భధారణలో, హార్మోన్ మాత్రలు వాడుతున్నప్పుడు ముదురుతుంది. బుగ్గల పొర గురించి మీరు చెప్పింది ఇలాంటిదే కావచ్చు. మంగులో రంగు కణాల చుట్టూ రక్తనాళాలు కూడా పెరుగుతాయి, అందుకే కేవలం టైరోసినేజ్‌ను ఆపే పదార్థాలకు అది అంత తేలిగ్గా లొంగదు. ట్రానెక్సామిక్ యాసిడ్ ఆ రక్తనాళాల పెరుగుదలను కూడా కొంత తగ్గిస్తుంది. మంగుకు దాన్ని ముందు పెట్టడానికి నా కారణం అదే.

మచ్చ బూడిద లేదా నీలం కలిసిన రంగులో కనబడితే రంగు చర్మపు లోపలి పొరలో ఇరుక్కుందని అర్థం. అక్కడ సీరం ప్రభావం చాలా తక్కువ. మెడ వెనుక, చంకల్లో మఖమల్ గుడ్డలా దళసరిగా నల్లబడితే అది తరచుగా ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడానికి సూచన. ఒక కుర్రవాడు మెడ నలుపుకని ఏడాది పాటు రెండు రకాల సీరంలు మార్చి మార్చి రాసి, చివరికి నా దగ్గరికి వచ్చాడు. రక్తంలో చక్కెర పరీక్ష చేయిస్తే మధుమేహానికి ముందు దశలో ఉన్నాడని తేలింది. అతని మెడ రంగు తగ్గడానికి బరువు తగ్గడమే మార్గమైంది తప్ప సీరం కాదు.

ఆల్ఫా అర్బుటిన్: నెమ్మదైనది, కానీ చర్మం ఓర్చుకునేది

దీన్ని నేను మొదట సూచించడానికి కారణం దాని బలం కాదు, దాన్ని చర్మం ఓర్చుకోగలగడం. ఇది వైద్యుడి పర్యవేక్షణలోనే వాడవలసిన, రంగు తగ్గించే బలమైన మందు హైడ్రోక్వినోన్‌కు ఒక చక్కెర అణువు తగిలించిన రూపం. ఆ చక్కెర విడిపోతే హైడ్రోక్వినోన్ బయటపడుతుంది. అందుకే యూరోపియన్ యూనియన్ 2024లో ముఖానికి రాసే క్రీములలో ఆల్ఫా అర్బుటిన్‌ను 2%కు, శరీరానికి రాసే లోషన్లలో 0.5%కు పరిమితం చేసింది. ఈ పరిమితి గుర్తుంచుకుంటే, "మా సీరంలో 5% ఉంది" అన్న ప్రకటన మిమ్మల్ని ఆకట్టుకోదు. ఎక్కువ శాతం అంటే ఎక్కువ ఫలితం అని కాదు.

ఆమ్లత్వం మరీ ఎక్కువగా ఉన్న ద్రవంలోనూ, వేడిలోనూ ఆ చక్కెర త్వరగా విడిపోతుంది. పీహెచ్ 5 దగ్గర అది నిలకడగా ఉంటుంది. వేడి పడదు కనుక సీసాను ఎండ తగలని, చల్లని చోట పెట్టండి. మంచి ఆల్ఫా అర్బుటిన్ సీరం నీళ్లలా ఉంటుంది. అది గోధుమరంగుకు తిరిగితే వాడడం ఆపండి. ఆ రంగు సాధారణంగా విడిపోయిన హైడ్రోక్వినోన్ గాలి తగిలి మారడం వల్ల వస్తుంది. మొటిమ మచ్చలకు దీని ఫలితం నా అనుభవంలో 8 వారాలకు కొద్దిగా, 12 వారాలకు స్పష్టంగా తెలుస్తుంది. అంతకంటే ముందు ఏమీ కనిపించకపోవడానికి కారణం ఉంది: పైకి చేరిపోయిన పాత రంగు చర్మపు కణాలతోపాటు రాలిపోవాలి, దానికి యువకులలో దాదాపు నాలుగు వారాలు, వయసు పెరిగేకొద్దీ అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. సీరం ఆపేది కొత్త రంగునే. పాత రంగును అది చెరపదు.

కోజిక్ యాసిడ్: నేను ఎందుకు వెనక్కి నెడతాను

ఇది 1907లో జపాన్‌లో కనుగొన్న పదార్థం. బియ్యాన్ని పులియబెట్టడానికి వాడే కోజి అనే బూజు నుంచి వచ్చింది. దానికి ఆ పేరు కూడా అలాగే వచ్చింది. ఇది పనిచేయదని నేననను. సరైన చర్మానికి సరైన మోతాదులో అది ఆల్ఫా అర్బుటిన్‌కు ఏమాత్రం తీసిపోదు. సమస్య ఏమిటంటే చికాకు కలిగించే గుణం, కొందరిలో నిజమైన అలర్జీకి దారితీసే గుణం దీనిలో మిగతా రెండింటి కంటే ఎక్కువగా ఉన్నాయి. యూరోపియన్ యూనియన్ దీన్ని ముఖానికీ చేతులకూ రాసేవాటిలో 1% దగ్గరే ఆపడం వెనుక భద్రత విషయమే ఉంది.

చామనఛాయ, నలుపు చర్మం ఉన్నవారికి చికాకు వేరే అర్థం ఇస్తుంది. తెల్ల చర్మంపై కాస్త ఎర్రదనం వచ్చి పోతుంది. మన రంగు చర్మంలో అదే ఎర్రదనం చాలాసార్లు గోధుమరంగు మచ్చగా స్థిరపడుతుంది. అంటే నలుపు తగ్గించడానికి రాసిన సీరమే మరింత నలుపు తెస్తుంది. ఇది రాసినవారికి వెంటనే తెలియదు, ఎందుకంటే ముదురు చర్మంలో ఎర్రదనం బయటికి స్పష్టంగా కనబడదు. అందుకే రంగు కోసం కాకుండా స్పర్శ కోసం వెతకమని చెబుతాను. రాసిన తర్వాత 10 నిమిషాలకు మించి ఉండే మంట, మర్నాడు నీళ్లు పోసుకున్నప్పుడు చురుక్కుమనడం, చర్మం బిగుతుగా అనిపించడం, ముక్కు పక్కన లేదా పెదవుల మూలల్లో పొలుసు లేవడం: వీటిలో ఏదైనా కనిపిస్తే ఆ రోజే ఆపండి. "అలవాటు పడుతుంది" అనే సలహా విటమిన్ ఏ రకానికి చెందిన రెటినాయిడ్ క్రీములకు కొంతవరకు వర్తిస్తుంది, కోజిక్ యాసిడ్‌కు వర్తించదు.

ఇంకో సమస్య దాని నిలకడ. కాంతి, గాలి, ఇనుము వంటి లోహాల సంపర్కం తగిలితే అది త్వరగా పసుపు, తర్వాత గోధుమరంగుకు మారుతుంది. డ్రాపర్ ఉన్న పారదర్శకమైన సీసాలో అమ్మే కోజిక్ సీరం తెరిచిన కొన్ని వారాలకే ముదురుతుంది. గాలి చొరబడని పంపుతో, కాంతి లోపలికి పోని సీసాలో ఉన్నదాన్ని మాత్రమే కొనాలి. కోజిక్ డైపాల్మిటేట్ అనే మరో రూపం నిలకడగా ఉంటుంది, కానీ అది చర్మంలో కోజిక్ యాసిడ్‌గా మారాలి కనుక దాన్ని అసలు కోజిక్ యాసిడ్‌తో సమానంగా లెక్కించకూడదు.

మరి ఎవరికి ఇస్తాను? మొండి మచ్చ ఒకటి రెండు చోట్లే ఉండి, ఆల్ఫా అర్బుటిన్‌కు 12 వారాల్లో తగిన ఫలితం లేనివారికి, చర్మం తేలిగ్గా మండని వారికి, 1% మించకుండా, మచ్చ మీద మాత్రమే, వారానికి మూడు రాత్రులతో మొదలుపెట్టి. ముఖమంతా రాయమని ఎన్నడూ చెప్పను.

ఒక అనుభవం, వివరంగా

మీ పరిస్థితికి దగ్గరగా ఉండే ఒక స్త్రీని చూశాను. 34 ఏళ్లు, చామనఛాయ, దవడ మీద మొటిమ మచ్చలు, బుగ్గల మీద మంగు. తన అంతట తనే కోజిక్ యాసిడ్ సీరం, దానితో చర్మాన్ని ఒలిచే గ్లైకాలిక్ యాసిడ్ ఉన్న టోనర్ మూడు నెలలు వాడారు. మొదటి నెలలో మచ్చలు కాస్త తగ్గినట్లనిపించిందట. రెండో నెల నుంచి బుగ్గలు ముదిరాయి. ఆమె దాన్ని చూసి ఇంకా తరచుగా రాశారు. నా దగ్గరికి వచ్చేసరికి బుగ్గల మీద పాత మంగు కింద కొత్తగా ఒక మసకబారిన గోధుమ నీడ వచ్చింది, తాకితే చర్మం గరుకుగా ఉంది. రాసినప్పుడు మంటగా ఉండేదా అని అడిగితే "ఉండేది, అది పనిచేస్తున్న గుర్తనుకున్నాను" అన్నారు. ఈ మాట నేను చాలామంది నోట విన్నాను. చికాకును ఫలితానికి సాక్ష్యంగా భావించడం ఈ సీరంల విషయంలో జరిగే అత్యంత నష్టకరమైన పొరపాటు.

నేను మొదటి నాలుగు వారాలు రంగును తగ్గించే మందే ఇవ్వలేదు. మృదువైన క్లెన్సర్, సువాసన లేని మాయిశ్చరైజర్, ఉదయం రంగు కలిపిన సన్‌స్క్రీన్, అంతే. ఆమెకు ఇది నచ్చలేదు, మందు లేకుండా ఎందుకు తిప్పుతున్నారని అడిగారు. నాలుగో వారానికి గరుకుతనం పోయి, కొత్తగా వచ్చిన నీడ పలచబడింది. అప్పుడు రాత్రి 5% ట్రానెక్సామిక్ యాసిడ్ సీరంను బుగ్గలకు, దవడకు మొదలుపెట్టాం. మరో నాలుగు వారాలకు చికాకు లేదని నిర్ధారించుకుని, ఉదయం 2% ఆల్ఫా అర్బుటిన్ జోడించాం. ఈ రెండూ వేర్వేరు దశల్లో పనిచేస్తాయి కనుక కలిసి వాడడానికి అర్థం ఉంది. అర్బుటిన్, కోజిక్ రెండూ ఒకే ఎంజైమ్‌ను ఆపుతాయి కనుక వాటిని జతచేస్తే దక్కే అదనపు లాభం తక్కువ, చికాకు మాత్రం పూర్తిగా ఉంటుంది.

మొదలుపెట్టిన దగ్గర్నుంచి లెక్కిస్తే, దవడ మచ్చలు ఐదో నెలకు చాలావరకు పోయాయి. బుగ్గల మంగు ఆరో నెలకు స్పష్టంగా లేతబడింది, పూర్తిగా పోలేదు. మరుసటి ఎండాకాలంలో సన్‌స్క్రీన్ విషయంలో కొన్ని వారాలు అశ్రద్ధ చేశారు, కొంత తిరిగి వచ్చింది. మంగు విషయంలో ఇది వైఫల్యం కాదు, ఆ జబ్బు స్వభావమే అది. దాన్ని పూర్తిగా తుడిచేస్తామని చెప్పే ఏ సీరంనూ నమ్మవద్దు.

ట్రానెక్సామిక్ యాసిడ్ వాడేటప్పుడు

ఇది నీటిలో చక్కగా కరుగుతుంది, పలు రకాల పీహెచ్‌లలో నిలకడగా ఉంటుంది, చికాకు తక్కువ. 5% ట్రానెక్సామిక్ యాసిడ్ రాసినవారిలో, 2% హైడ్రోక్వినోన్ రాసినవారిలో మంగు ఇంచుమించు సమానంగా తగ్గిందని చెప్పే చిన్న పరిశోధనలు ఉన్నాయి. నా రోగుల్లో కూడా అదే ధోరణి చూశాను, కానీ అవి చిన్నవే కనుక దాన్ని ఖాయమైన సూత్రంగా చెప్పను. నీటిలో తేలిగ్గా కరిగే పదార్థం చర్మంలోకి అంత తేలిగ్గా దిగదు, అందువల్ల పైన రాసిన దానికి ఫలితం నెమ్మదిగానే వస్తుంది. ఈ కారణంగానే కొందరు మాత్రల కోసం వెళతారు. మంగుకు తక్కువ మోతాదులో మాత్రలు ఇచ్చే పద్ధతి ఉంది, మంచి ఫలితమూ ఉంది. అయితే ఆ మందు రక్తం గడ్డకట్టే ప్రక్రియను మారుస్తుంది. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారు దీన్ని అసలు మింగకూడదు. గర్భనిరోధక మాత్రలు వాడేవారు, పొగతాగేవారే కాదు, మిగతా ఎవరైనా వైద్యుడి పర్యవేక్షణ లేకుండా ఒక్క మాత్ర కూడా మింగకూడదు. సీరం రాసేవారికి ఆ స్థాయి భయం అవసరం లేదు.

మీకు నేను చెప్పే క్రమం

ముందు ఏ సీరం అయినా మోచేతి లోపలి మడతలో ఒకే చోట రోజుకు రెండుసార్లు వారంపాటు రాసి చూడండి. దురద, ఎర్రదనం, పొక్కు లేకపోతేనే ముఖానికి. తర్వాత మొదటి నాలుగు వారాలు రాత్రిపూట ట్రానెక్సామిక్ యాసిడ్ ఒక్కటే, ముఖమంతటికీ రెండు మూడు చుక్కలు, తడి ఆరిన ముఖానికి, పైన మాయిశ్చరైజర్. ఐదో వారం నుంచి ఉదయం పూట ఆల్ఫా అర్బుటిన్ జోడించండి. ఒకేసారి రెండూ మొదలుపెడితే ఏది పడింది, ఏది మండించింది అన్నది తెలియదు. మొదటి 12 వారాలూ గ్లైకాలిక్, లాక్టిక్ యాసిడ్‌లు, స్క్రబ్‌లు, నిమ్మరసం వంటివి పక్కన పెట్టండి. మొటిమలు ఇంకా వస్తుంటే ముందు వాటి చికిత్స చేయించుకోండి. మొటిమ కొత్తగా వస్తున్నంత కాలం ప్రతి మొటిమా కొత్త మచ్చను వదులుతూనే ఉంటుంది, ఏ సీరం ఆ వేగాన్ని అందుకోలేదు.

సన్‌స్క్రీన్ గురించి ఒక విషయం ప్రత్యేకంగా చెప్పాలి. మంగును కేవలం అతినీలలోహిత కిరణాలే కాదు, కంటికి కనిపించే కాంతి కూడా ముదిరిస్తుంది, అది ముఖ్యంగా ముదురు చర్మంలో. మామూలు సన్‌స్క్రీన్ దాన్ని చాలావరకు ఆపదు. ఐరన్ ఆక్సైడ్‌లు కలిసిన, చర్మపు రంగులో ఉండే సన్‌స్క్రీన్ ఆపుతుంది. ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల నిడివి రాయండి, బయట ఉంటే రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయండి. చాలామంది దీనిలో నాలుగో వంతు రాసి, "సన్‌స్క్రీన్ వాడుతున్నాను" అంటారు. సన్‌స్క్రీన్ సరిగా రాయని రోగికి ఈ మూడు సీరంలలో ఏదీ పనిచేయడం నేను చూడలేదు.

మొదలుపెట్టే రోజున, తర్వాత ప్రతి నాలుగు వారాలకు అదే కిటికీ దగ్గర, అదే సమయానికి, అదే దూరంలో, ఫిల్టర్ లేకుండా ఫోటో తీసుకోండి. రోజూ అద్దం చూసేవారికి నెమ్మదిగా వచ్చే మార్పు కనిపించదు. 8 వారాలకు మంట, దురద లేకపోతే, మార్పు కూడా లేకపోతే కంగారు పడకుండా 12 వరకు ఆగండి. 12 తర్వాత కూడా ఫోటోల్లో తేడా లేకపోతే ఆ సీరంను ఆపేయండి. అదే పదార్థాన్ని ఎక్కువ శాతంలో కొనడం వల్ల ప్రయోజనం ఉండదు.

గర్భవతి అయినా, గర్భం కోసం ప్రయత్నిస్తున్నా ఆల్ఫా అర్బుటిన్ వద్దు, అది కొంత హైడ్రోక్వినోన్‌ను విడుదల చేయగలదు కనుక. ట్రానెక్సామిక్ యాసిడ్ కూడా ఆ సమయంలో నేను రాయమనను. ఆ దశలో అజెలాయిక్ యాసిడ్‌ను వైద్యులు సురక్షితంగా భావిస్తారు, మీ వైద్యుడిని అడిగి వాడవచ్చు.

చివరగా, సీరం కొనకుండా నేరుగా వైద్యుడి దగ్గరికి వెళ్లవలసిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఒకే మచ్చ ఆకారం, రంగు, పరిమాణం మారుతూ ఉంటే, రక్తం కారితే లేదా అంచులు బొత్తిగా సమానంగా లేకపోతే ఆలస్యం చేయవద్దు. హైడ్రోక్వినోన్ క్రీమును వైద్యుడికి చూపించకుండా ఏళ్ల తరబడి వాడి, బుగ్గల మీద నీలి బూడిద రంగు ముదిరినవారు దాన్ని వెంటనే ఆపి చూపించుకోవాలి. అది మంగు ముదరడం కాకపోవచ్చు, ఆ క్రీము వల్లే లోపలి పొరలో వచ్చిన మార్పు కావచ్చు, దాన్ని ఏ సీరంతోనూ పోగొట్టలేం. మీ విషయంలో ఇంకొకటి: గత ఆరు నెలల్లో ముఖానికి రాసిన క్రీముల పేర్లు, మింగిన మాత్రల పేర్లు ఒక చీటీ మీద రాసుకుని వెళ్లండి. వాటిలో స్టెరాయిడ్ కలిసిన క్రీము ఒక్కటి ఉన్నా పైన చెప్పిన క్రమం మొత్తం మారిపోతుంది.